చేసేది, ఇచ్చేది, చేరేది: రీసెర్చ్ ప్రాజెక్టు ప్లాన్‌లో ఆ మూడు గళ్లు ఎలా నింపాలి

మా దగ్గర పీహెచ్‌డీ చేస్తున్న ఒక అమ్మాయి ప్రాజెక్టు ప్రపోజల్ ముసాయిదా పట్టుకొచ్చింది. చివరి పేజీలో ఒక టేబుల్ ఉంది. టాస్క్ అన్న గడిలో ‘నీటి నమూనాల సేకరణ’ అని రాసింది. డెలివరబుల్ గడిలో ‘సేకరించిన నీటి నమూనాలు’. మైల్‌స్టోన్ గడిలో ‘నీటి నమూనాల సేకరణ పూర్తి’.

“ఒకే మాటను మూడుసార్లు తిప్పి రాశావు కదమ్మా” అన్నాను.

“ఫారంలో మూడు గళ్లున్నాయి సార్, ఏదో ఒకటి రాయాలిగా” అంది.

తప్పు ఆమెది మాత్రమే కాదు. ఈ మూడింటికీ తేడా ఏమిటో ఫారం చెప్పదు, గైడ్లం మేమూ చెప్పం. ప్రపోజల్ శాంక్షన్ అయ్యేదాకా దీనివల్ల నష్టం కూడా ఏమీ కనిపించదు. అయ్యాక, మొదటి ఏడాది ప్రోగ్రెస్ రిపోర్టు రాసే రోజున ఆ టేబులే ఎదురొచ్చి కూర్చుంటుంది. అందుకే ఆ అమ్మాయి ప్రాజెక్టునే తీసుకుని, ఆ పేజీని మళ్లీ ఎలా రాశామో వరసగా చెబుతాను. మీ ప్రాజెక్టు వేరే అయినా పక్కన ఒక కాగితం పెట్టుకుని చదవండి.

ప్రాజెక్టు సంగతి ముందు. కనిగిరి ప్రాంతంలో 60 బోర్ల నీటిలో ఫ్లోరైడ్ ఎంతుందో ఎండాకాలంలో ఒకసారి, వానలయ్యాక ఒకసారి కొలవాలి. రెండు కాలాల మధ్య ఎంత మారిందో, ఏ బోరు నీళ్లు తాగడానికి పనికిరావో తేల్చాలి. కనిగిరి, పొదిలి, దర్శి వైపు ఈ సమస్య కొత్తది కాదు. మన దేశంలో ఫ్లోరోసిస్ గురించి మొదట వైద్య పత్రికలో రాసింది 1937లో, అదీ అప్పటి నెల్లూరు జిల్లాలోని ఈ ఊళ్లను చూసే. గడువు రెండేళ్లు. అక్టోబరులో మొదలు, ఆ పై రెండో సంవత్సరం సెప్టెంబరులో ముగింపు. మనుషులు ముగ్గురు: పీఐ, కో-పీఐ, ఒక జేఆర్‌ఎఫ్.

మొదటి మెట్టు: నోటితో అని చూడండి

నిర్వచనాలు బట్టీ పట్టక్కర్లేదు. మీరు రాసిన ప్రతి అంశానికీ మూడు తోకలు తగిలించి చూడండి. ఏ తోక అతుకుతుందో దాన్నిబట్టి అదేమిటో తెలిసిపోతుంది.

‘చేస్తున్నాను’ అన్న తోక అతికితే అది టాస్క్. బోర్ల దగ్గరికి వెళ్లి నీళ్లు పడుతున్నాను, ల్యాబ్‌లో కొలుస్తున్నాను, జేఆర్‌ఎఫ్ ప్రకటన రాస్తున్నాను. దానికి ఒక మొదలు, ఒక చివర, మధ్యలో కొన్ని రోజులు, చేసే మనిషి ఒకరు ఉంటారు. సగం అయిందని కూడా అనొచ్చు.

‘ఇదిగో, తీసుకోండి’ అన్న తోక అతికితే డెలివరబుల్. అది ఒక వస్తువు. ఫైలో, మ్యాపో, రిపోర్టో, పనిచేసే ప్రోగ్రామో కావచ్చు. మీరు ఊరెళ్లినా అది బల్ల మీద ఉంటుంది. ఇంకొకరు తెరిచి చూసి బాగుందో బాగాలేదో చెప్పగలరు.

‘అయిందా, లేదా?’ అని అడిగితే ఒక్క మాటలో జవాబు వచ్చేది మైల్‌స్టోన్. దానికి రోజులుండవు, ఒక తేదీ మాత్రమే ఉంటుంది. రోడ్డు పక్కన పసుపు తల ఉన్న మైలురాయిని చూడండి. నడక అంతా మీదే, రాయి నడవదు. దాన్ని దాటారా, దాటలేదా అన్నదొక్కటే ప్రశ్న. ‘మైలురాయి ముప్పాతిక దాటాం’ అని ఎవరూ అనరు. ప్లానింగ్ సాఫ్ట్‌వేర్లలోనూ ఇదే లెక్క. మైక్రోసాఫ్ట్ ప్రాజెక్ట్‌లో ఏ వరసకైనా వ్యవధి సున్నా అని కొడితే అది దాన్ని మైల్‌స్టోన్‌గా తీసుకుని, బార్‌కి బదులు చిన్న డైమండ్ గుర్తు పెడుతుంది.

ఇప్పుడు ఆ అమ్మాయి టేబుల్‌కి తోకలు తగిలిద్దాం. ‘నీటి నమూనాల సేకరణ’కు ‘చేస్తున్నాను’ అతుకుతుంది, కాబట్టి టాస్కే, బాగుంది. ‘సేకరించిన నీటి నమూనాలు’ దగ్గర ఆగాలి. 60 సీసాలు చేతిలో పెట్టి ‘ఇదిగో, తీసుకోండి’ అంటే ఎవరు తీసుకుంటారు? ఫ్లోరైడ్ కోసం పట్టిన నీళ్లను 28 రోజుల్లోపు కొలిచేయాలి, ఆ తర్వాత ఆ సీసాలు ఎవరికీ అక్కర్లేదు. అంటే అది డెలివరబుల్ కాదు, దారిలో వాడే సరుకు. ‘సేకరణ పూర్తి’ మైల్‌స్టోన్‌లాగే కనిపిస్తుంది కానీ, పూర్తి అంటే ఎన్ని? 60కి 60యా? 52 అయితే? ఆ గడి జవాబు చెప్పడం లేదు. దీని సంగతి తర్వాత చూద్దాం.

రెండో మెట్టు: డెలివరబుల్స్ ముందు రాయండి

చాలామంది టాస్కులతో మొదలుపెడతారు, ఎందుకంటే మనకు కళ్లముందు కనిపించేది పనే. అలా రాస్తే పనుల జాబితా చాంతాడంత అవుతుంది కానీ, అందులో ఏది ఎందుకు చేస్తున్నామో తెలియదు. మీరు చివర్నుంచి రండి. రెండేళ్లయ్యాక ఎవరెవరి చేతిలో ఏమేం పెడతారు?

ఇక్కడ ప్రతి డెలివరబుల్ పక్కన మూడు విషయాలు రాయాలి. తీసుకునేది ఎవరు, ఏ రూపంలో ఇస్తారు, తీసుకునేవాళ్లు దేన్ని చూసి ‘సరే’ అంటారు. మొదటిది రాయడం కుదరకపోతే ఆ వరస కొట్టేయండి. పుచ్చుకునేవాళ్లు లేనిదాన్ని డెలివరబుల్ అనడంలో అర్థం లేదు.

ఈ లెక్కన మా జాబితా ఆరు వరసలకు తేలింది. బోర్ల జాబితా: ఊరు, అక్షాంశ రేఖాంశాలు, లోతు, యజమాని అనుమతితో సహా. నమూనాలు పట్టే, కొలిచే పద్ధతి రాసిన నాలుగు పేజీల పత్రం. ఎండాకాలం డేటాసెట్. వానల తర్వాతి డేటాసెట్. ఒక్కో పంచాయతీకి తెలుగులో ఒక పేజీ. చివరి రిపోర్టు, దానితోపాటు మ్యాపులు.

ఇందులో పంచాయతీ పేజీ ముసాయిదాలో లేదు. “ఫండింగ్ వాళ్లు అడగలేదు కదా సార్” అంది. అడగలేదు. కానీ బోరు యజమాని తన మోటారు వేసి మనకు నీళ్లు పట్టనిస్తాడు, వచ్చే జనవరిలో మళ్లీ పట్టనివ్వాలి. ఆయనకు ‘ఇదిగో’ అని ఇచ్చేది ఒకటి ఉండాలి. ఏ బోరులో ఎంత ఉంది, తాగునీటికి మన ప్రమాణాల ప్రకారం లీటరుకు 1 మిల్లీగ్రాము దాకా మంచిదని, వేరే దారి లేకపోతే 1.5 దాకా ఒప్పుకుంటారని, అంతకు మించిన బోర్లు ఏవో ఎర్రగా చూపించే పేజీ అది. ‘సరే’ అనేదానికి కొలబద్ద కూడా రాసుకున్నాం: పంచాయతీ కార్యదర్శి చదివి, మన సాయం లేకుండా తన ఊళ్లో తాగకూడని బోర్లు వేలితో చూపించగలగాలి.

ఎండాకాలం డేటాసెట్ విషయంలో కొంచెం ఎక్కువసేపు కూర్చున్నాం. ‘డేటాసెట్’ అన్న మాట వదులుగా ఉంటుంది. సగం నిండిన ఎక్సెల్ కూడా డేటాసెట్టే, అందుకే దాన్ని బిగించాలి. ఒక సీఎస్‌వీ ఫైలు, ఒక్కో బోరుకు ఒక వరస. ఒక్కో గడిలో ఏముందో, ఏ యూనిట్‌లో ఉందో చెప్పే ఇంకో చిన్న ఫైలు. ప్రతి పది బోర్లకు ఒకచోట రెండో సీసా పట్టి విడిగా కొలిచిన డూప్లికేట్ల విలువలు. ఇక్కడ తీసుకునేది బయటివాళ్లు కాదు, లెక్కలు వేసే కో-పీఐ. ఆయన ఆ ఫైలు తెరిచి, జేఆర్‌ఎఫ్‌కి ఫోన్ చేయకుండా పని మొదలుపెట్టగలిగితే డెలివరబుల్ అందినట్టు. ‘ఈ మైనస్ 99 ఏమిటమ్మా?’ అని ఫోన్ వస్తే అందనట్టు.

మూడో మెట్టు: ఒక్కో డెలివరబుల్‌ని టాస్కులుగా విప్పండి

ఎండాకాలం డేటాసెట్ బల్ల మీదికి రావాలంటే ఎవరెవరు ఏం చేయాలి? వెనక్కి నడవండి. ఫైలు రావాలంటే కొలవాలి. కొలవాలంటే నీళ్లు పట్టాలి. నీళ్లు పట్టాలంటే సీసాలు, వాహనం, యజమానుల ఒప్పుకోలు ఉండాలి.

టాస్క్ రాసేటప్పుడు క్రియతో ముగించండి, పక్కన ఒక్క మనిషి పేరు, ఎన్ని రోజులో రాయండి. ‘టీం’ అని రాస్తే ఎవరూ చేయరు. రోజుల లెక్క ఊరికే వేయకండి. మాది ఇలా వచ్చింది. మే నెలలో కనిగిరి ఎండకు పొద్దున ఆరు నుంచి పదకొండు దాకానే ఫీల్డులో ఉండగలం. ఒక్కో బోరు దగ్గర ముందు మోటారు వేసి పైపులో నిలవున్న నీళ్లు పోయేదాకా పది నిమిషాలు వదలాలి. తర్వాత అక్కడికక్కడే పీహెచ్, విద్యుత్ వాహకత కొలవాలి, ప్లాస్టిక్ సీసాను అదే నీటితో కడిగి నింపాలి, లేబుల్ రాయాలి. (ఫ్లోరైడ్‌కి గాజు సీసా వాడకండి.) ప్రయాణంతో కలిపి బోరుకు 50 నిమిషాలు. అంటే రోజుకు ఆరు. 60 బోర్లకు పది రోజులు. కరెంటు లేని రోజులు, మోటారు కాలిపోయిన బోర్లు కూడా ఉంటాయి కాబట్టి పద్నాలుగు.

ల్యాబ్ పని చిన్నదే. 60 నమూనాలు, ఆరు డూప్లికేట్లు, ఫీల్డుకెళ్లిన ప్రతి రోజూ వెంట తీసుకెళ్లిన శుద్ధ నీటి సీసా ఒకటి చొప్పున మరో పది, పద్నాలుగు. రోజుకు ఇరవై కొలిచినా నాలుగు రోజులు.

టాస్కుల్ని ఎంత చిన్నగా విరగ్గొట్టాలి అని అడుగుతారు. నేను పాటించే లెక్క: రెండు రోజులకు తగ్గకుండా, రెండు వారాలకు మించకుండా. ‘సీసాలకు లేబుళ్లు అంటించడం’ ప్లాన్‌లో రాయక్కర్లేదు, అది జేఆర్‌ఎఫ్ డైరీలో ఉంటే చాలు. ‘ఫీల్డ్ వర్క్, ఎనిమిది నెలలు’ అన్న వరస మాత్రం ఎక్కడ కనిపించినా విరగ్గొట్టండి. ఎనిమిది నెలల టాస్కులో ఆలస్యం ఏడో నెలలో కానీ బయటపడదు.

ఫండింగ్ సంస్థకు పంపే పేజీలో ఈ టాస్కులన్నీ అక్కర్లేదు, ఒక్కో డెలివరబుల్‌కి రెండు మూడు చాలు. పూర్తి జాబితా మీ దగ్గర ఉంచుకోండి.

నాలుగో మెట్టు: మైల్‌స్టోన్ పెట్టే చోటు

ఎక్కువమంది పొరపాటు పడేది ఇక్కడే. నేనూ పడ్డాను, ఒక ఏడాది పోగొట్టుకున్నాను. ఆ సంగతి చెబుతాను.

నా మొదటి ప్రాజెక్టూ నీళ్లదే. ఫ్లోరైడ్ కొలవడానికి అయాన్ సెలెక్టివ్ ఎలక్ట్రోడ్ కొనాలి. ప్లాన్‌లో ‘ఎలక్ట్రోడ్ కొనుగోలు పూర్తి, మార్చి 31’ అని మైల్‌స్టోన్ రాసుకున్నాను. డబ్బా మార్చి 20న వచ్చింది, బిల్లు పాసయింది. మైల్‌స్టోన్ పక్కన టిక్ పెట్టాను. రిపోర్టులోనూ రాశాను, అందరూ సంతోషించారు. డబ్బా విప్పింది మే రెండో వారంలో, నమూనాలు వచ్చాక. ఈ ఎలక్ట్రోడ్‌ని పరీక్షించే పద్ధతి ఉంది. లీటరుకు 1 మిల్లీగ్రాము ఉన్న ద్రావణంలో ముంచితే ఒక మిల్లీవోల్ట్ అంకె వస్తుంది, 10 ఉన్నదాంట్లో ముంచితే అంతకంటే తక్కువ అంకె వస్తుంది. గది వేడిలో ఆ రెండింటి తేడా 59 దగ్గర ఉండాలి, 54 నుంచి 60 మధ్య ఉన్నా పని జరుగుతుంది. నాకు 41 వచ్చింది.

ద్రావణాలు మళ్లీ కలిపాను, టైసాబ్ బఫర్ మార్చాను, రాత్రంతా నానబెట్టాను. 43. ఎలక్ట్రోడే పాడు. అమ్మినవాళ్లు మారుస్తామన్నారు, మార్చారు కూడా, జూలైలో. నమూనాల గడువు ఎప్పుడో దాటింది, ఊళ్లలో వానలు మొదలయ్యాయి. ఎండాకాలం మళ్లీ రావాలంటే ఏడాది ఆగాలి. గడువు పొడిగించారు కానీ పైసా ఇవ్వలేదు.

ఇందులో ఎలక్ట్రోడ్ తప్పెంతో, నా మైల్‌స్టోన్ తప్పూ అంతే. ‘కొనుగోలు పూర్తి’ అన్నది ఆఫీసుకు కావలసిన రాయి. నాకు కావలసింది ‘ఈ ఎలక్ట్రోడ్ సరిగ్గా కొలుస్తోందా?’ అన్న ప్రశ్నకు జవాబు. ఆ జవాబు అవునైతేనే ఊళ్లకు బండి కట్టాలి. మార్చి 31న మైల్‌స్టోన్ అలా రాసుకుని ఉంటే, మార్చిలోనే డబ్బా విప్పేవాణ్ణి, మార్చిలోనే 41 కనపడేది, మే వచ్చేసరికి కొత్తది చేతిలో ఉండేది.

అందుకే మైల్‌స్టోన్‌కి చోటు వెతికేటప్పుడు ‘పెద్ద పని ఏది పూర్తవుతుంది?’ అని చూడకండి. ‘ఏ రోజున ఆగి, ముందుకెళ్లాలా వద్దా అని తేల్చుకోవాలి?’ అని చూడండి. ‘లేదు’ అన్న జవాబు వచ్చినా ఏమీ మారనిచోట మైల్‌స్టోన్ అనవసరం.

ఈ చూపుతో చూస్తే రెండేళ్ల ప్రాజెక్టులో పది, పదిహేను రావు. మాకు నాలుగు వచ్చాయి.

మొదటిది, డిసెంబరు 31కి జేఆర్‌ఎఫ్ చేరారు. లేకపోతే బోర్ల సర్వే పీఐ సెలవుల్లో పడుతుంది, అంటే అసలు పడదు.

రెండోది, మార్చి 31కి ఎలక్ట్రోడ్ పరీక్ష నెగ్గింది: తేడా 54 నుంచి 60 మధ్య ఉంది, ముందే విలువ తెలిసిన ద్రావణాన్ని కొలిస్తే పది శాతం లోపల వచ్చింది, మూడు వేర్వేరు రోజుల్లో. సాక్ష్యం: ల్యాబ్ నోట్‌బుక్‌లో సంతకంతో ఆ పేజీ. నెగ్గకపోతే ఏం చేస్తామో కూడా పక్కనే రాశాం: ఇంకో విభాగంలో రంగు మార్పుతో కొలిచే స్పాడ్న్స్ పద్ధతికి ఏప్రిల్‌లోనే మాట్లాడుకుంటాం.

మూడోది, జూలై 15కి ఎండాకాలం డేటా ఒప్పుకోదగ్గదిగా తేలింది. 60లో కనీసం 54 బోర్లు, డూప్లికేట్ల మధ్య తేడా పది శాతం లోపు. ఇక్కడే ఇంకో నిర్ణయం ఉంది. ఒకే ఊళ్లో పక్కపక్క బోర్ల మధ్య తేడా మరీ ఎక్కువగా కనిపిస్తే, జనవరిలో ఊళ్లు తగ్గించి ఊరికి బోర్లు పెంచాలి. ఆ నిర్ణయం జనవరిలో తీసుకుంటే కొత్త బోర్లకు అనుమతులు అడగడానికి వేళ ఉండదు.

నాలుగోది, ఫిబ్రవరి 28కి వానల తర్వాతి డేటా కూడా అదే కొలబద్దతో నెగ్గింది. ఇక మిగిలింది రాతపనే.

రెండో విడత నవంబరులో ఎందుకు కాదు, జనవరిలో ఎందుకు అని మీకు సందేహం రావచ్చు. నల్లగొండ అయితే నవంబరే పెట్టేవాళ్లం. కనిగిరి వైపు అక్టోబరు, నవంబరుల్లో ఈశాన్య రుతుపవనాల వానలు పడతాయి. నవంబరులో పడితే ‘వానల తర్వాత’ కాదు, వానల మధ్య అవుతుంది. వేరే జిల్లా ప్రపోజల్‌లోంచి తేదీలు కాపీ కొడితే ఇలాంటివి దొర్లుతాయి.

గమనించారా, మొదటి రెండు మైల్‌స్టోన్లకు డెలివరబుల్ లేదు. ఎవరికీ ఏమీ ఇవ్వలేదు, కానీ ప్రాజెక్టు ఒక చోటు దాటింది. అలాగే పంచాయతీ పేజీ డెలివరబులే కానీ దాని మీద ఏ మైల్‌స్టోన్ లేదు, దాన్ని బట్టి ఆగే నిర్ణయం లేదు కాబట్టి. డెలివరబుల్ అందిన రోజుకు తప్పనిసరిగా ఒక మైల్‌స్టోన్ ఉండాలనుకోవడం వల్లే టేబుల్‌లో ఒకే మాట మూడు గళ్లలో పడుతుంది.

ఐదో మెట్టు: తేదీలు వెనక నుంచి వేయండి

ఇది త్వరగా అయిపోతుంది. కదలని తేదీ ఏదో ముందు పట్టుకోండి. మాకు అది నైరుతి వానలు, అంటే మే నెలాఖరుకు నీళ్లు పట్టడం అయిపోవాలి. పద్నాలుగు రోజులు వెనక్కి పోతే మే 17. కొంచెం ఊపిరి కోసం మే 5. అప్పటికి ఎలక్ట్రోడ్ నమ్మకంగా ఉండాలి, పాడైతే మార్పించుకోవడానికి నెల కావాలి, అందుకే మార్చి 31. ఇండెంట్ పెట్టిన రోజు నుంచి డబ్బా గుమ్మంలోకి రావడానికి నాకు నాలుగు నెలలు పట్టిన అనుభవం ఉంది. మార్చి ఒకటికి డబ్బా ఉండాలంటే ఇండెంట్ నవంబరు ఒకటికి వెళ్లాలి. ప్రాజెక్టు మొదలైందే అక్టోబరు ఒకటిన. అంటే మొదటి నెలలో అసలు టాస్కు రీసెర్చి కాదు, స్పెసిఫికేషన్ రాయడం. ఆ అమ్మాయి ముసాయిదాలో మొదటి ఆరు నెలలూ ‘సాహిత్య సమీక్ష’ అని ఉంది. ఇండెంట్ ఏడో నెలలో.

తికమక పెట్టేవి కొన్ని

పేపర్ ప్రచురణ. దాదాపు ప్రతి ప్రపోజల్‌లోనూ ‘రెండు పేపర్లు ప్రచురణ’ అని డెలివరబుల్ గడిలో ఉంటుంది. ప్రచురించేది మీరు కాదు, పత్రిక. రివ్యూయర్లు ఎనిమిది నెలలు కూర్చుంటే మీ డెలివరబుల్ ఆలస్యమైనట్టు కాగితం మీద పడుతుంది. మీ చేతిలో ఉన్నది రాసి పంపడం. అందుకని డెలివరబుల్ గడిలో ‘పత్రికకు పంపిన రాతప్రతి’ అని రాయండి. ఫండింగ్ సంస్థ ప్రచురణే కావాలంటే, ఆశిస్తున్న ఫలితాల కింద విడిగా పెట్టండి.

నైతిక అనుమతి. మాది నీళ్ల పని కాబట్టి అక్కర్లేదు. మీరు ఆ ఊళ్లో పిల్లల పళ్లు చూస్తామన్నా, మూత్రం పరీక్షిస్తామన్నా ఎథిక్స్ కమిటీ ఆమోదం లేకుండా మొదలుపెట్టకూడదు. మూడింటి తేడా ఒకే చోట చూడాలంటే ఇంతకంటే మంచి ఉదాహరణ లేదు. దరఖాస్తు, తెలుగు అంగీకార పత్రం తయారుచేయడం టాస్క్. కమిటీకి ఇచ్చిన ఆ కట్ట డెలివరబుల్. ఆమోదం ఉత్తరం వచ్చిందా అన్నది మైల్‌స్టోన్. మొదటి రెండూ అయినా మూడోది కాకపోవచ్చు, కమిటీ సవరణలు అడగొచ్చు. ‘దరఖాస్తు ఇచ్చేశాం’ అన్న టిక్ చూసి ఊళ్లోకి వెళ్లినవాళ్లు ఉన్నారు.

సమావేశాలు. ‘వార్షిక సమీక్ష సమావేశం’ మైల్‌స్టోన్ కాదు. సమావేశం ఎలాగూ జరుగుతుంది, అందరూ టీ తాగి వెళతారు. అందులో ఏ నిర్ణయం తీసుకోవాలో దాన్ని రాయండి.

సాధారణంగా మన ఫారాల్లో ఈ మూడూ ఒకే టేబుల్‌లో ఇరుక్కుని ఉంటాయి. యూరప్ వాళ్ల హొరైజన్ యూరప్ ఫారంలో డెలివరబుల్స్‌కి ఒక టేబుల్, మైల్‌స్టోన్లకు ఒక టేబుల్ వేరుగా ఉంటాయి. మైల్‌స్టోన్ టేబుల్‌లో ‘దాటారని ఎలా నిరూపిస్తారు’ అన్న గడి ఒకటి అదనంగా ఉంటుంది. మీ ఫారంలో ఆ గడి లేకపోయినా మీ కాపీలో గీసుకోండి. ఆ గడిలో ఏం రాయాలో తోచకపోతే మీరు రాసింది మైల్‌స్టోన్ కాదు.

నడుస్తుండగా ఎలా చూసుకోవాలి

నెలకోసారి చూస్తే చాలు, కానీ మూడింటినీ మూడు రకాలుగా అడగాలి. టాస్క్ గురించి ‘ఇంకా ఎన్ని రోజులు?’ అని అడగండి. ‘ఎంత శాతం అయింది?’ అంటే ఎవరైనా 80 అంటారు, వచ్చే నెల 90 అంటారు, ఆ తర్వాతి నెల కూడా 90 అంటారు. డెలివరబుల్ గురించి ‘చూపించు’ అనండి, అంతే. సగంలో ఉంటే సగమే చూపిస్తారు, అదే నిజం. మైల్‌స్టోన్ గురించి అవును, కాదు తప్ప ఇంకో మాట ఒప్పుకోకండి. ‘దాదాపు అయిపోయినట్టే సార్’ అంటే కాలేదని రాసుకోండి.

మైల్‌స్టోన్ తేదీ జరిగితే జరపండి, తప్పులేదు. కొలబద్దను మాత్రం జరపకండి. తేదీ దగ్గరికొచ్చాక ‘54 అంకె అంత ముఖ్యమా, 50 చాలదా’ అనిపిస్తుంది. అలా అనిపిస్తుందనే ముందే రాసుకుంటాం.

ఆ అమ్మాయి ప్రాజెక్టు శాంక్షన్ అయింది. ఎలక్ట్రోడ్ తేడా 57 వచ్చింది, మార్చి 24న. మేలో ఫీల్డుకి వెళ్లిన పదమూడో రోజు సాయంత్రం ఫోన్ చేసింది. 56 బోర్లు అయ్యాయి. మిగిలిన నాలుగింటిలో రెండు ఎండిపోయాయి, ఒకదాని మోటారు కాలిపోయింది, ఇంకోదాని యజమాని షెడ్డుకి తాళం వేసి పెళ్లికి వెళ్లాడు, ఎల్లుండి గానీ రాడు. “ఆగమంటారా సార్, రమ్మంటారా?” అని అడిగింది.

“ప్లాన్‌లో ఎన్నని రాశాం?” అన్నాను.

“కనీసం 54 అని.”

“మరింకేం, సీసాలు ఐస్ పెట్టెలో సర్దుకుని బయల్దేరు. ఆ తాళం వేసిన బోరు నంబరు మాత్రం జాబితాలో కొట్టేయకు, జనవరిలో అడుగుదాం.”